టీడీఎస్ కట్ అయింది, 26ఏఎస్‌లో లేదు: సవరణ ఎవరి చేతిలో ఉంది?

సారాంశం: చెల్లింపులో పన్ను మినహాయించుకున్న సంస్థ, మూడు నెలలకోసారి తాను దాఖలు చేసే టీడీఎస్ రిటర్నులో ఎవరి పాన్ రాస్తే ఆ మొత్తం వారి పన్ను జమల పట్టిక అయిన 26ఏఎస్‌కే చేరుతుంది. అందులో తప్పు పడితే పన్ను చెల్లింపుదారు గాని, ఆయన ఆడిటరు గాని నేరుగా దిద్దలేరు. ఆ రిటర్నును సవరించవలసింది సంస్థే. ఏ తప్పు జరిగిందో ముందే తేల్చుకుని, త్రైమాసికం, పన్ను మినహాయించే సంస్థకు గుర్తింపు నంబరైన టాన్, బిల్లు వివరాలతో రాతపూర్వకంగా అడిగితే పని తొందరగా అవుతుంది. కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సవరణ గడువు కుదించుకుపోయినందున ఇప్పుడు ఆలస్యం చేయడం మునుపటికంటే ప్రమాదకరం.

పన్ను డబ్బు ఒక దారిన, పేరు మరో దారిన

టీడీఎస్ మీద వచ్చే గందరగోళంలో ఎక్కువ భాగం ఒక అపోహ నుంచి పుడుతుంది. సంస్థ పన్ను కట్టేసిందంటే అది మన పేరున జమ అయినట్టేనని చాలామంది అనుకుంటారు. నిజానికి బ్యాంకులో కట్టే చలానాలో పన్ను మినహాయింపుకు గురైన వ్యక్తుల పేర్లుండవు. ఇరవై మంది కాంట్రాక్టర్ల దగ్గర కట్ చేసిన పన్నునంతా సంస్థ ఒకే చలానాతో తన టాన్ మీద కట్టేయవచ్చు. ఆ మొత్తంలో ఎవరి వాటా ఎంతో తెలిపేది తర్వాత దాఖలయ్యే త్రైమాసిక రిటర్ను. 1961 ఆదాయపు పన్ను చట్టం కింద జీతాలకైతే 24క్యూ, దేశంలో నివసించేవారికి ఇచ్చే ఇతర చెల్లింపులకైతే 26క్యూ. అందులో ఒక్కొక్కరికి ఒక్కో వరుస ఉంటుంది: పాన్, చెల్లింపు తేదీ, మొత్తం, మినహాయించిన పన్ను, అది ఏ చలానాలోది అన్న వివరం.

ఘజియాబాద్ వైశాలిలోని టీడీఎస్ కేంద్రీకృత విభాగం ఈ వరుసలను చలానాలతో సరిపోల్చి, పాన్ ప్రకారం విడదీసి 26ఏఎస్‌లోకి పంపుతుంది. అంటే 26ఏఎస్ అనేది సంస్థ రాసిన దానికి అద్దం. అద్దంలో లోపం కనిపిస్తే దిద్దవలసింది అద్దాన్ని కాదు గనుక, పన్ను చెల్లింపుదారు ఆదాయపు పన్ను పోర్టల్లో ఎన్ని మీటలు నొక్కినా ఆ వరుస మారదు.

ఇద్దరు అప్పలనాయుళ్లు

విషయం తేటపడటానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. రణస్థలానికి చెందిన అప్పలనాయుడు పెయింటింగ్ కాంట్రాక్టరు. పైడిభీమవరం పారిశ్రామిక ప్రాంతంలోని ఒక ఫ్యాక్టరీలో 2024-25 ఆర్థిక సంవత్సరంలో మూడు బిల్లుల పని చేశారు. సెప్టెంబరులో రూ. 4,60,000, డిసెంబరులో రూ. 5,20,000, మార్చిలో రూ. 6,10,000. కాంట్రాక్టరు వ్యక్తి గనుక 194సి సెక్షన్ కింద 1 శాతం చొప్పున రూ. 4,600, రూ. 5,200, రూ. 6,100 మినహాయించారు. మొత్తం రూ. 15,900. జూన్‌లో 26ఏఎస్ తీసి చూస్తే మొదటి రెండూ ఉన్నాయి, మార్చి నాటి రూ. 6,100 మాత్రం లేదు.

ఫ్యాక్టరీ అకౌంట్స్ విభాగాన్ని అడిగితే 'మేం కట్టేశాం, రిటర్ను కూడా వేశాం, ఏ తప్పూ చూపించడం లేదు' అన్న జవాబు వస్తుంది. ఆ జవాబు అబద్ధం కాకపోవచ్చు, చిక్కంతా అక్కడే ఉంది.

పాన్ తప్పుగా పడటంలో రెండు రకాలున్నాయి. మొదటిది, ఒక అక్షరమో అంకో టైపింగులో మారడం. పాన్‌లోని పదో అక్షరం ముందున్న తొమ్మిదింటిని సరిచూసుకోవడానికి పెట్టింది కాబట్టి, ఇలాంటి తప్పుల్లో ఎక్కువ భాగం అసలు లేని పాన్‌గా తేలతాయి. అప్పుడు టీడీఎస్ విభాగం ఊరుకోదు. సరైన పాన్ లేదు కాబట్టి 206ఏఏ ప్రకారం 20 శాతం మినహాయించి ఉండాల్సిందని లెక్కగట్టి, రూ. 6,10,000 మీద రూ. 1,22,000 రావాలి, వచ్చింది రూ. 6,100, మిగతా రూ. 1,15,900 కట్టమని సంస్థకే తాఖీదు పంపుతుంది. ఈ పరిస్థితిలో కాంట్రాక్టరు అడగకముందే సంస్థ పరుగు పెడుతుంది.

రెండోది, వేరొకరి నిజమైన పాన్ పడటం. ఇది టైపింగులో కాక, కంప్యూటర్లోని పేర్ల జాబితాలో ఎంచుకునేటప్పుడు జరుగుతుంది. అప్పలనాయుడు అనే పేరు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఊరికి నలుగురికి ఉంటుంది. అదే ఫ్యాక్టరీకి లేబరును పంపే మరో అప్పలనాయుడు జాబితాలో ఒక వరుస పైనే ఉంటే, మార్చి ఆఖరు హడావుడిలో ఆ పేరు మీద మీట పడటం వింతేమీ కాదు. ఆ పాన్ నిజమైనదే కాబట్టి రిటర్ను శుభ్రంగా ఆమోదం పొందుతుంది, తాఖీదు రాదు. సంస్థ తెర మీద అంతా సవ్యంగానే కనిపిస్తుంది. తప్పు కనిపించేది కేవలం ఇద్దరికి: జమ రాని అప్పలనాయుడికి, తాను అందుకోని రూ. 6,10,000 తన ఆదాయ సమాచార నివేదికలో ప్రత్యక్షమైన రెండో అప్పలనాయుడికి. రెండో ఆయన చూసుకోకపోతే, ఆ రాబడి ఎందుకు చూపలేదని రేపు ఆయనకు నోటీసు రావచ్చు. సంస్థతో మాట్లాడేటప్పుడు ఈ సంగతి చెప్పడం మంచిది. తప్పు వల్ల ఒకరికి నష్టం జరగడమే కాక ఇంకొకరికి లేని ఆదాయం అంటగట్టినట్టయిందని తెలిస్తే అకౌంట్స్ విభాగం విషయాన్ని వేరేగా చూస్తుంది.

లేదు అంటే, ఎలా లేదు?

అడగడానికి ముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. జనవరి–మార్చి త్రైమాసికపు రిటర్నుకు గడువు మే 31. ఆ తర్వాత 15 రోజుల్లో, అంటే జూన్ 15 నాటికి సంస్థ టీడీఎస్ సర్టిఫికెట్టు అయిన ఫారం 16ఏ ఇవ్వాలి. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో మార్చి పన్ను కనిపించకపోవడం తప్పు కిందికి రాదు.

తర్వాత మరుసటి ఆర్థిక సంవత్సరపు 26ఏఎస్ కూడా తీసి చూడాలి. మార్చి బిల్లును సంస్థ తన లెక్కల్లో ఏప్రిల్లో రాసుకుని ఉంటే పన్ను అక్కడ కనిపిస్తుంది. అది పోయిన పన్ను కాదు, సంవత్సరం తేడా మాత్రమే. దాని పరిష్కారం వేరు.

వరుస ఉండి జమ పక్కా కానప్పుడు `Status of Booking` గడిలోని అక్షరం కారణం చెబుతుంది. `F` ఉంటే చలానాతో సరిపోలిందని అర్థం. `U` ఉంటే సంస్థ పన్ను కట్టలేదు, లేదా చలానా వివరాలు తప్పుగా రాసింది. `O` అంటే చలానాలో ఉన్న డబ్బు కంటే ఎక్కువ మొత్తాన్ని రిటర్నులో పంచిపెట్టారు. `P` ప్రభుత్వ కార్యాలయాలకు సంబంధించినది. విజయనగరంలో మున్సిపల్ పనులో, పంచాయతీరాజ్ పనులో చేసినవారికి ఇది తరచుగా ఎదురవుతుంది. ప్రభుత్వ కార్యాలయం బ్యాంకు చలానా లేకుండా పద్దు సర్దుబాటుతో పన్ను జమ చేసినప్పుడు ఆ వివరాన్ని ట్రెజరీ లేదా పే అండ్ అకౌంట్స్ కార్యాలయం 24జి రూపంలో పంపాలి. అది సరిపోలేదాకా జమ తాత్కాలికంగానే ఉంటుంది. అందువల్ల అక్కడ బిల్లు పెట్టి డబ్బు చెల్లించే అధికారి అయిన డీడీవోను మాత్రమే అడిగితే సరిపోదు, 24జి వివరం ఆయన రిటర్నులో సరిగ్గా రాశారో లేదో కూడా చూడమనాలి.

మన ఉదాహరణలో వరుసే లేదు. వరుసే లేనప్పుడు మిగిలేవి మూడే: రిటర్ను వేయకపోవడం, అందులో ఈ బిల్లును వదిలేయడం, వేరే పాన్ మీద వేయడం. వీటిని విడదీయడానికి ఒక తేలిక మార్గం ఉంది. ఆ త్రైమాసికానికి ఫారం 16ఏ ఇవ్వమని అడగాలి. జీతాలు కాని చెల్లింపులకు ఈ సర్టిఫికెట్టును టీడీఎస్ విభాగపు ట్రేసెస్ వెబ్‌సైటు నుంచే దింపుకోవాలి, సంస్థ తన లెటర్‌హెడ్ మీద టైపు చేసి ఇచ్చేది చెల్లదు. ట్రేసెస్ దాన్ని దాఖలైన రిటర్ను నుంచే తయారుచేస్తుంది కాబట్టి, రిటర్ను వేయకపోతే సర్టిఫికెట్టు పుట్టదు. రిటర్ను వేసి బిల్లు వదిలేసి ఉంటే ఈ పాన్‌కు సర్టిఫికెట్టు రాదు. పేరు సరిగ్గానే ఉన్నట్టు తోచే సర్టిఫికెట్టు చేతికొస్తే, పేరు కాదు, దాని మీది పాన్‌ను అక్షరం అక్షరం చూసుకోవాలి. ఇద్దరు అప్పలనాయుళ్ల కథ సాధారణంగా అక్కడే బయటపడుతుంది.

ఎవరికి రాయాలి, ఏమని రాయాలి

ఫ్యాక్టరీ పైడిభీమవరంలో ఉన్నా టీడీఎస్ రిటర్ను అక్కడే వేస్తారన్న నియమం లేదు. 26ఏఎస్‌లోని మొదటి రెండు వరుసల్లో సంస్థ టాన్ కనిపిస్తుంది. అది `HYD` అక్షరాలతో మొదలైతే ఆ టాన్ హైదరాబాద్ పరిధిలోది, రిటర్ను పని చాలావరకు అక్కడి ప్రధాన కార్యాలయంలోనే జరుగుతుంది. అలాంటప్పుడు ఫ్యాక్టరీ గేటు దగ్గర గంటలకొద్దీ కూర్చున్నా ప్రయోజనం ఉండదు. స్థానిక అకౌంటెంటుకు ఒక ప్రతి ఇచ్చి, అసలు ఉత్తరాన్ని ప్రధాన కార్యాలయపు ఫైనాన్స్ విభాగానికి మెయిల్ ద్వారా, రిజిస్టర్డ్ పోస్టు ద్వారా పంపడం మేలు.

ఉత్తరంలో 'నా టీడీఎస్ రాలేదు, చూడగలరు' అని రాస్తే అది నెలల తరబడి నలుగుతుంది. అకౌంటెంటు రిటర్నులో ఏ వరుస వెతకాలో అందులోనే ఉండాలి. ఉదాహరణకు:

"మా 2025 మార్చి 28 నాటి 3వ నంబరు బిల్లు రూ. 6,10,000 మీద 194సి కింద రూ. 6,100 మినహాయించి, మిగిలిన రూ. 6,03,900 ఏప్రిల్ 9న మా బ్యాంకు ఖాతాకు పంపారు. 2024-25 నాలుగో త్రైమాసికపు మీ 26క్యూ రిటర్నులో ఈ మొత్తం మా పాన్ మీద నమోదు కాలేదు. ఇది వేరొక పాన్ మీద పడిందేమో పరిశీలించి, సవరణ రిటర్ను దాఖలు చేసి, దాని రసీదు సంఖ్యను, సవరించిన ఫారం 16ఏను మాకు పంపగలరు. మా పాన్ కార్డు నకలు, బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ పేజీ, 26ఏఎస్ జతచేస్తున్నాము."

ఇందులో రసీదు సంఖ్య అడగడం లాంఛనం కాదు. 'వేసేశాం' అన్న మాటకూ, వేసినట్టు రుజువుకూ మధ్య ఉన్న దూరాన్ని కొలిచేది ఆ సంఖ్య ఒక్కటే.

సంస్థ వైపు పని ఎంత?

సంస్థ చేయవలసిన పని అనుకున్నంత పెద్దదేమీ కాదు. ట్రేసెస్‌లో తన టాన్‌తో లాగిన్ అయి `Defaults > Request for Correction` దగ్గర ఆర్థిక సంవత్సరం, త్రైమాసికం, ఫారం రకం ఎంచుకుని సవరణకు అభ్యర్థన పెట్టాలి. అది అందుబాటులోకి వచ్చాక గుర్తింపు కోసం ఒక చలానా వివరాలు, అందులోని కొన్ని పాన్‌లు, మొత్తాలు అడుగుతుంది. అవి సరిపోతే ఆ వరుసలోని పాన్ మార్చి, బాధ్యుడి డిజిటల్ సంతకంతో సమర్పించాలి. ఇలా కాకుండా ట్రేసెస్ నుంచి పాత రిటర్ను ఏకీకృత ఫైలును దింపుకుని, సాఫ్ట్‌వేరులో దిద్ది తిరిగి దాఖలు చేసే పద్ధతి కూడా ఉంది. బయటి ఆడిటరు చేత రిటర్నులు వేయించే చిన్న సంస్థలు ఎక్కువగా రెండో దారినే పోతాయి.

అయినా ఆలస్యం ఎందుకవుతుంది? డిజిటల్ సంతకం ఉన్న ఉద్యోగి మానేసి ఉంటారు, లేదా సంతకం గడువు తీరి ఉంటుంది. ఆడిటరు సవరణకు వేరే ఫీజు అడుగుతారు. వీటికి తోడు, సవరణ వేస్తే ఆలస్య రుసుము పడుతుందన్న భయం ఒకటి. రోజుకు రూ. 200 చొప్పున 234ఇ కింద పడే రుసుము అసలు రిటర్ను ఆలస్యానికే. గడువులో వేసిన రిటర్నులో పాన్ దిద్దినందుకు అది పడదు. కట్టని పన్ను ఇప్పుడు కట్టి కొత్త వరుస చేర్చవలసి వస్తే మాత్రం, మినహాయించిన నాటి నుంచి నెలకు 1.5 శాతం వడ్డీ సంస్థ మీద పడుతుంది. `U` అక్షరం ఉన్న కేసుల్లో అకౌంట్స్ విభాగం మొహం చాటేయడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే.

'వచ్చే రిటర్నులో కలిపేస్తాం'

సంస్థల నుంచి తరచుగా వినిపించే ఈ ప్రతిపాదనను ఒప్పుకోకూడదు. మార్చి నాటి రూ. 6,100ను 2025-26 మొదటి త్రైమాసికంలో చూపిస్తే, పన్ను జమ ఒక సంవత్సరంలో, దానికి సంబంధించిన రూ. 6,10,000 రాబడి ఇంకో సంవత్సరంలో పడతాయి. ఆదాయం ఏ సంవత్సరానికి లెక్కకు వస్తుందో ఆ సంవత్సరానికే టీడీఎస్ జమ ఇవ్వాలని 37బీఏ నిబంధన చెబుతుంది. కలిపేయడం వల్ల అకౌంటెంటుకు పని తగ్గుతుంది, కాంట్రాక్టరుకు రెండేళ్ల రిటర్నులూ తేడా చూపిస్తాయి.

సొంత రిటర్నులో ఏం చేయాలి

సంస్థ సవరించేలోగా ఆదాయపు పన్ను రిటర్ను గడువు దగ్గరపడితే ఎదురయ్యే ప్రశ్న ఇది: కనిపించని రూ. 6,100ను జమగా చూపించాలా, వదిలేయాలా? అప్పలనాయుడికి వేరే ఆదాయం లేక, రాబడిలో కొంత శాతాన్నే లాభంగా లెక్కగట్టే ఊహాత్మక పద్ధతిలో చూపిన లాభం మీద పన్నే పడకపోతే, రూ. 15,900 మొత్తం వాపసు రావాలి. రిటర్నులో మొత్తం చూపిస్తే బెంగళూరు ప్రాసెసింగ్ కేంద్రం 26ఏఎస్‌తో పోల్చి రూ. 9,800 మాత్రమే ఇచ్చి, మిగతాది తగ్గించినట్టు 143(1) కింద సమాచారం పంపే అవకాశం ఎక్కువ. దీన్ని చూసి కంగారు పడి చాలామంది ముందే ఆ మొత్తాన్ని వదిలేస్తారు. అది సరైన నిర్ణయం కాదు. రాబడిలో రూ. 6,10,000 ఎలాగూ చూపిస్తున్నప్పుడు, దాని మీద కట్ అయిన పన్నును సంస్థ టాన్‌తో సహా టీడీఎస్ షెడ్యూలులో రాసి ఉంచితే, సంస్థ సవరించిన తర్వాత పోర్టల్లో దిద్దుబాటు అభ్యర్థన కింద `Reprocess the return` ఎంచుకుంటే సరిపోతుంది. షెడ్యూలులో అసలు రాయకపోతే తిరిగి లెక్కించడానికి అక్కడ ఏమీ ఉండదు. అప్పుడు తన ఆదాయపు పన్నుకు సవరణ రిటర్నే వేయాలి, దానికి వేరే గడువుంది.

అభ్యర్థన పెట్టే ముందు 26ఏఎస్‌లో `F` పడిందో లేదో చూసుకోవాలి. సంస్థ రసీదు ఇచ్చిన రోజునే అభ్యర్థన పెడితే, టీడీఎస్ విభాగం సవరణను ఇంకా ప్రాసెస్ చేయకపోవడంతో పాత లెక్కే మళ్లీ వస్తుంది.

కుదించుకుపోయిన గడువు

2025 ఏప్రిల్‌కు ముందు టీడీఎస్ రిటర్ను సవరణకు చట్టంలో కాలపరిమితి లేదు. ఎనిమిదేళ్ల నాటి తప్పునైనా దిద్దించుకోవచ్చన్న ధీమా అప్పటిది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆరేళ్ల పరిమితి వచ్చింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే ఆదాయపు పన్ను చట్టం, 2025 దాన్ని రెండేళ్లకు తగ్గించింది. రిటర్నును ఏ ఆర్థిక సంవత్సరంలో దాఖలు చేయవలసి ఉందో, ఆ సంవత్సరం ముగిసిన నాటి నుంచి ఈ రెండేళ్లు లెక్కిస్తారు. దీని ప్రకారమే 2023-24 మూడో త్రైమాసికం దాకా ఉన్న పాత రిటర్నుల సవరణలను 2026 మార్చి 31 వరకే తీసుకుంటామని టీడీఎస్ విభాగం ప్రకటించింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అప్పలనాయుడి డిసెంబరు బిల్లు మూడో త్రైమాసికంలోది. ఆ రిటర్ను గడువు 2025 జనవరి 31, అంటే 2024-25లోనే. దాని సవరణకు ఆఖరు రోజు 2027 మార్చి 31. మార్చి బిల్లు నాలుగో త్రైమాసికంలోది. ఆ రిటర్ను గడువు 2025 మే 31, అంటే 2025-26లో. దాని సవరణకు 2028 మార్చి 31 దాకా సమయం ఉంటుంది. ఒకే సంవత్సరపు రెండు బిల్లుల మధ్య ఏడాది తేడా వచ్చింది. తన కేసు ఏ త్రైమాసికంలోదో ముందే చూసుకోమనడానికి ఇదొక కారణం.

సంస్థ కదలకపోతే

రెండు మూడు ఉత్తరాలకూ జవాబు లేకపోతే, సంస్థ టాన్ ఏ టీడీఎస్ అధికారి పరిధిలో ఉందో అక్కడికి, పోర్టల్లోని ఫిర్యాదు విభాగానికి రాయవచ్చు. రిటర్నులో తప్పుడు సమాచారం ఇచ్చినందుకు 271హెచ్ కింద రూ. 10,000 నుంచి రూ. 1,00,000 దాకా జరిమానా వేసే అధికారం ఉంది. ఉత్తరంలో ఆ సెక్షన్‌ను ప్రస్తావించినంత మాత్రాన పని జరిగిన సందర్భాలు లేకపోలేదు.

అసలు సంస్థే మూతపడితే 1961 చట్టంలోని 205వ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుంది. చెల్లింపులో పన్ను మినహాయించి ఉంటే, ఆ మేరకు పన్ను చెల్లింపుదారును మళ్లీ కట్టమని అడగకూడదు. జమ తేడా వల్ల ఏర్పడిన డిమాండ్లను ఆయనపై బలవంతంగా వసూలు చేయవద్దని కేంద్ర ప్రత్యక్ష పన్నుల మండలి 2015 జూన్ 1న తన అధికారులకు రాసింది, 2016 మార్చి 11న మళ్లీ చెప్పింది. దీనికి బిల్లు, బ్యాంకులో పడిన నికర మొత్తం, సంస్థ లెడ్జరు నకలు రుజువులుగా పనికొస్తాయి. రూ. 6,10,000 బిల్లుకు సరిగ్గా రూ. 6,03,900 జమ అయిందంటే ఆ తేడా ఏమిటో వేరే వివరణ అక్కర్లేదు.

అయితే ఆ రక్షణ వసూలును ఆపడానికి పనికొచ్చేది. అప్పలనాయుడి మీద డిమాండు లేదు, ఆయనకు రావలసింది వాపసు. ఆ రూ. 6,100 ఆయన ఖాతాలో పడాలంటే, సంస్థ పన్ను నిజంగా కట్టిందని అసెస్సింగ్ అధికారి విచారించి జమ ఇవ్వాలి. అలా విచారించి ఇవ్వమని మండలి 2013 నాటి 5వ నంబరు సూచనలో చెప్పింది గాని, ఆ విచారణకు దరఖాస్తులు, రుజువులు, తిరుగుళ్లు చాలానే పడతాయి. సంస్థ ఇంకా నడుస్తూ ఉంటే ఆ ఒక్క వరుసలో పాన్ మార్పించుకోవడమే దగ్గర దారి.